కాస్త కుడికి... ఊఁ, ఇంకాస్త పైకి!

మా ఇంట్లో గోడకి మేకు కొట్టడమంటే చిన్న సైజు పెళ్ళి చేసినంత పని. మావారు పౌరోహిత్యం వహిస్తారు. మా అబ్బాయి సుత్తి, మేకులు అందిస్తూ పక్కన ఉంటాడు. మా అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని "దుర్ముహూర్తం వెళ్ళిందా?" అని అడుగుతూంటారు. మరి నేనో? నేను పటం పట్టుకునే మనిషిని.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో నా ఉద్యోగం మారలేదు, ప్రమోషనూ రాలేదు. స్టూలెక్కి, రెండు చేతులూ పైకెత్తి, అద్దం బిగించిన పటాన్ని గోడకి ఆనించి నిలబడాలి. ఆయన టీవీ దగ్గర నిలబడి ఒక కన్ను మూసుకుని "కాస్త కుడికి" అంటారు. జరుపుతాను. "నీ కుడి కాదు, నా కుడి!" అంటారు. మళ్ళీ జరుపుతాను. "ఊఁ, ఇంకాస్త పైకి... అబ్బ, అంత కాదు... ఆఁ, అక్కడే, కదలకు!" అంటారు. అప్పుడు పెన్సిలు కోసం వెతుకుతారు. పెన్సిలు దొరికేసరికి నా చేతులు పడిపోయి, పటం రెండంగుళాలు కిందికి దిగి ఉంటుంది. "కదలొద్దన్నానా!" అని కసురుకుని మొదటినుంచీ మొదలుపెడతారు.

ఇది చదువుతున్న అక్కచెల్లెళ్ళలో ఇలా పటం పట్టుకోని వాళ్ళెవరైనా ఉంటే చేతులెత్తండి. ఎవరూ ఎత్తరని తెలుసు. ఎత్తిన చేతుల్లో ఇప్పటికే పటాలున్నాయి కదా!

ఇన్నాళ్ళూ దీన్ని నవ్వుకుని ఊరుకునే సంగతిగానే భావించాను. కాదని పోయినేడు తెలిసింది. అందుకే ఈ తగువు. కంటి అందాజాతో పటాలు తగిలించే మహానుభావులందరితోనూ నా తగువు.

సంగతేమిటంటే, పోయినేడు మా అమ్మ పోయింది. మాసికాలన్నీ అయ్యాక, హాల్లో సోఫా వెనక గోడకి మా పెద్దవాళ్ళ ఫొటోలు ఆరు ఒక్కచోట పెట్టాలనుకున్నాను. మా మామగారు, మా నాన్న, అమ్మ పై వరసలో. తాతయ్య, అమ్మమ్మ, మా మేనత్త కింది వరసలో. మేనత్తంటే మమ్మల్ని పెంచిన మనిషి. చిన్నప్పుడే భర్తని పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడకి విడిగా ఫొటోయే లేదు. ఎవరిదో పెళ్ళి గుంపులోంచి వెతికి తీయాల్సి వచ్చింది. మా అమ్మదీ అంతే. బ్యాంకు పాసుపుస్తకం కోసం తీయించుకున్న చిన్న ఫొటో తప్ప అమ్మ ఒక్కత్తీ ఉన్న ఫొటో మా ఇంట లేదు. నాన్నవి మాత్రం సూటులో ఒకటి, శాలువా కప్పించుకుంటూ మూడు ఉన్నాయి.

ఫొటోలు ఎంత చిన్నవైనా, చుట్టూ ఉండే పటాలు మాత్రం ఆరూ ఒకే కొలత ఉండాలని పట్టుబట్టాను. వెడల్పు 12 అంగుళాలు, ఎత్తు 16 అంగుళాలు. మామగారి ఫొటో పెద్దది, చట్టానికి దగ్గరగా వస్తుంది. అమ్మ ఫొటోని అంత పెద్దది చేస్తే మొహం చెదిరిపోతుందన్నాడు స్టూడియో అబ్బాయి. అందుకని కార్డు సైజుకి మాత్రమే పెంచి, చుట్టూ తెల్ల మౌంటు అట్ట వెడల్పుగా వేయించాను. గోడమీద మాత్రం ఆవిడకీ నాన్నకీ సమానమైన చోటు దక్కాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఒక ఆదివారం మావారు రంగంలోకి దిగారు. ఆయన అజాగ్రత్త మనిషి కారు, అది ఒప్పుకోవాలి. ఈ చివరనుంచి ఆ చివరకి దారం లాగి కట్టి, దాని వెంట గీత గీసి, ఆ గీత మీద మూడు మేకులు కొట్టారు. మధ్యలో ఒక మేకు వంగిపోయి, గారె అంత పెచ్చు ఊడి సోఫా మీద పడింది. పక్కన ఇంకో మేకు కొట్టారు. మూడు పటాలూ తగిలించి వెనక్కి నడిచి చూశాం. నాన్న సరిగ్గా ఉన్నారు. అమ్మ కిందికి ఉంది.

ఎంతో కాదు, ముప్పాతిక అంగుళం. కాని తెలిసిపోతోంది. పక్కపక్కన ఉన్న రెండు పటాల పై అంచుల్లో పావంగుళం తేడా ఉన్నా కన్ను పట్టేస్తుంది. మావారు మాత్రం "మేకులు ఒకే గీత మీద ఉన్నాయి, కావాలంటే స్కేలు పెట్టి చూసుకో" అన్నారు. చూసుకున్నాను. నిజమే, ఒకే గీత మీద ఉన్నాయి. ఆ సాయంత్రం వచ్చిన మా చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయి, "ఇక్కడ కూడా అమ్మని ఒక మెట్టు కిందే ఉంచారా అక్కా?" అంది. హాస్యానికే అంది. కాని అన్నాక మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మర్నాడు పక్కింటి స్నానాలగదికి టైల్సు వేస్తున్న మేస్త్రిని కేకేశాను. వయసు మళ్ళిన మనిషి. పటాలు దింపి, వెనక్కి తిప్పి చూసి నవ్వాడు. "మేకులు వరసలో ఉంటే ఏం లాభమమ్మా, తీగలు వరసలో లేవుగా!" అన్నాడు.

చూడండి, ఇంత చదువుకున్నవాళ్ళం, ఎవరికీ తట్టలేదు. పటం మేకు మీద దాని పై అంచుతో వేలాడదు. వెనక ఉన్న తీగతో వేలాడుతుంది. ఆ తీగని షాపు కుర్రాడు తన చేతికి వచ్చినంత వదులుగా బిగిస్తాడు. నాన్న పటం తీగని మధ్యలో పట్టుకుని పైకి లాగితే, ఆ కొస పై అంచుకి 2 అంగుళాల కింద నిలిచింది. అమ్మ పటానికి అంగుళంపావు కిందే నిలిచింది. కనక రెండు మేకులూ ఒకే ఎత్తులో ఉంటే నాన్న పటం మేకుకి 2 అంగుళాలు పైకి లేస్తుంది, అమ్మది అంగుళంపావే లేస్తుంది. తేడా ముప్పాతిక అంగుళం. మేకులు సమానంగా ఉన్నాయి కనకనే పటాలు సమానంగా లేవు! పటాలు సమానంగా ఉండాలంటే మేకులు ఎగుడుదిగుడుగా ఉండాలి. ఏ పటానికి ఎంతో దానికి అంత లెక్క కట్టుకోవాలి. ఎంత మంచి కన్నయినా పటం వెనక్కి దూరి తీగని చూడలేదు. అందుకే కన్ను చాలదంటున్నాను.

ఆ వీపులోని సంగతిని గోడ మీదికి తెచ్చే ఉపాయమే కాగితం. పిల్లల పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ కాగితం తెచ్చాను. మొదట పాత వార్తాపత్రికలు వాడదామనుకున్నాను కాని వాటి సిరా తెల్ల గోడకి అంటుకుంటుంది. ప్రతి పటాన్నీ కాగితం మీద బోర్లించి, చట్టం బయటి అంచు చుట్టూ గీత గీసి కత్తిరించాను. అద్దం కొలత కాదు, బయటి కొలతే కావాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. చట్టం వెడల్పు మర్చిపోతే ఆరు కాగితాలూ అందంగా అమరుతాయి, ఆరు పటాలు మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

తరవాత కాగితాన్ని ఆ పటం వీపు మీదే పరిచి, పై అంచులు కలిపి పట్టుకుని, కింద తీగని ఒక మేకుతో బాగా బిగిసేదాకా పైకి లాగి, ఆ కొస ఉన్నచోట కాగితానికి గుండుసూదితో చిల్లు పొడిచాను. వేలితో మెత్తగా లాగితే లాభం లేదు. పటం బరువు మొత్తం పడినప్పుడు తీగ ఎంత సాగుతుందో అంత లాగాలి. నూలు తాడైతే నాలుగు రోజుల్లో ఇంకా సాగిపోతుంది కనక తాళ్ళు తీసేసి తీగే వేయించుకోవడం మేలు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. దాంట్లో నేనూ పడ్డాను. పటం వీపు మీద పరిచిన కాగితాన్ని అలాగే తీసుకెళ్ళి గోడకి అంటిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. వీపుకి ఆనుకుని ఉన్న పక్క గోడ మీద మనవైపుకి రావాలి. తీగ కొస సరిగ్గా నడిమధ్యన ఉన్న పటానికి దీనితో తేడా రాదు. మా మేనత్త పటానికి మాత్రం తీగ కొస ఒక పక్కకి అర అంగుళం జరిగి ఉంది. కాగితం తిప్పకుండా అంటించి మేకు కొట్టి ఉంటే పటం ఒక అంగుళం పక్కకి పోయేది. అందుకని చిల్లు పొడవగానే కాగితం తిరగేసి, ఆ పక్కన పేరు రాసి, పైకి ఒక బాణం గుర్తు వేసేశాను. "నాన్న", "అమ్మ", "మేనత్త" అని ఖాళీ కాగితాల మీద రాస్తుంటే చిత్రంగా అనిపించింది.

ఇక ఎత్తు సంగతి. అసలు పెద్ద పోట్లాట ఇక్కడే వచ్చింది. "పెద్దల పటాలు గుమ్మం పైన ఉండాలి, ముందుకి వంచి కట్టాలి. అంతేకాని కుర్చీ వెనక తలకి తగిలేలా పెడతారుటే?" అన్నారు అత్తయ్యగారు. మా పాత ఇంట్లో మామగారి పటం అలాగే ఉండేది, ఏడడుగుల పైన. ఆ ఆచారం తెలివితక్కువదని నేననను. పన్నెండడుగుల కప్పున్న మండువా ఇంట్లో, కింద చాప మీద కూర్చుని తలెత్తి చూసే మనుషులకి, ముందుకి వంగిన పటం చక్కగా కనిపించేది. పిల్లల చేతులు తగిలేవి కావు. ఆ ఇళ్ళు పోయాయి. పదడుగుల కప్పున్న ఫ్లాట్లలో, ట్యూబులైటు పక్కన, అద్దం నిండా వెలుతురు పడి మెరిసే పటంలో ఎవరి మొహం కనిపిస్తుంది చెప్పండి? పెద్దల్ని పైన పెట్టాం పెట్టాం అని మురిసిపోతాం కాని, పైన పెట్టి చూడ్డం మానేశాం.

గుంపుగా పెట్టే పటాలన్నిటినీ కలిపి ఒకే పెద్ద పటమనుకోవాలి. దాని నడిమధ్య మనిషి కంటి ఎత్తుకి రావాలి. చాలా మ్యూజియంల్లో ఆ ఎత్తుని నేలనుంచి 57, 60 అంగుళాల మధ్య ఉంచడం వాడుక. నేను 5 అడుగుల 1 అంగుళం మనిషిని. నా కన్ను ఇంచుమించు 57 దగ్గర ఉంటుంది. మావారి కంటి ఎత్తు ఇంకా ఎక్కువ. ఆ ఇంట్లో ఆ గోడని రోజూ తుడిచేది నేను కనక 57 ఖాయం చేశాను.

మిగిలింది చిన్నపిల్లల లెక్క. పటానికీ పటానికీ మధ్య 3 అంగుళాల సందు. ఇంతకన్నా బాగా పెంచితే ఆరూ కలిసి ఒక కుటుంబంలా కనిపించవు, బస్టాండులో నిలబడ్డ ఆరుగురిలా ఉంటాయి. వరసకి మూడు పటాలు, రెండు సందులు, మొత్తం 42 అంగుళాల వెడల్పు. పైనుంచి కిందికి రెండు పటాలు, ఒక సందు, మొత్తం 35 అంగుళాల ఎత్తు. అందులో సగం పదిహేడున్నర. 57కి అది కలిపితే గుంపు పై అంచు 74న్నర దగ్గరకి వచ్చింది. తీసేస్తే కింది అంచు 39న్నర దగ్గరకి వచ్చింది. మా సోఫా వీపు 32 అంగుళాలు. మధ్యలో ఏడున్నర అంగుళాల ఖాళీ ఉంది కనక వెనక్కి వాలిన వాళ్ళ తల నూనె పటానికి అంటదు. సోఫా నడిమధ్యకి ఎదురుగా గోడమీద ఒక గుర్తు పెట్టుకుంటే గుంపు దానికి అటు 21, ఇటు 21 అంగుళాలు వస్తుంది.

ఇప్పుడు రసమట్టం. మేస్త్రి తనది రెండడుగుల పొడుగుది ఒక పూట అరువిచ్చాడు. ఇచ్చేముందు దాన్ని ఎలా నమ్మాలో చూపించాడు. గోడకి ఆనించి, గాలిబుడగ ఎక్కడ నిలిచిందో చూసి, చివరలు మార్చి అదేచోట మళ్ళీ పెట్టాడు. బుడగ రెండుసార్లూ ఒకేచోట నిలిస్తే మట్టం మంచిది. ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోతే మట్టమే అబద్ధమాడుతోందన్నమాట.

"రసమట్టం ఎందుకు, నేలనుంచి టేపుతో కొలుచుకుంటూ పోతే పోలే?" అన్నారు మావారు. అదీ చూశాం. మా హాలు నేల నీళ్ళు పోసి కడిగితే గుమ్మంవైపు జారేలా వేశారు. సోఫా ఈ కొసకీ ఆ కొసకీ అరంగుళం వాలుంది. నేలనుంచి కొలిచి గీసి ఉంటే మా పెద్దలందరూ వరసగా పావంగుళం గుమ్మంవైపు ఒరిగి ఉండేవారు. అందుకని నేలనుంచి కొలవడం ఒక్కచోటే, ఒక్కసారే. సోఫా మధ్య గుర్తు దగ్గర 74న్నర అంగుళాలు కొలిచి చుక్క పెట్టి, అక్కణ్ణుంచి అటూ ఇటూ రసమట్టం పెట్టి సన్నగా పెన్సిలు గీత గీశాను. పై మూడు కాగితాల తలలూ ఆ గీతకి ఆనాయి. ఆ గీతనుంచి 19 అంగుళాల కింద, అంటే ఒక పటం ఎత్తూ ఒక సందూ కలిపి, ఇంకో గీత. కింది మూడు కాగితాల తలలూ దానికి ఆనాయి. నిలువు సరిచూసుకోడానికి దారానికి తాళంచెవుల గుత్తి కట్టి పైనుంచి వేలాడదీశాను. అంతకన్నా నమ్మకమైన గుండు ఇంకేం కావాలి?

"ఫోనులోనే రసమట్టం ఉందిగా అమ్మా" అన్నాడు మా అబ్బాయి. ఉంది. కాని దాని పక్కన మీటలు పొడుచుకొచ్చి ఉంటాయి. పైగా అది జానెడు కూడా లేదు. జానెడు ముక్కమీద కంటికి ఆనని తేడా, మూరల పొడుగు గీత చివరికి వచ్చేసరికి కనిపించే తేడా అవుతుంది. తగిలించాక ఒక్కో పటం వంకర చూసుకోడానికి ఫోను పనికొస్తుంది. గీత గీయడానికి మాత్రం పొడుగైనదే కావాలి.

కాగితాలు అంటించడానికి రంగులు వేసేవాళ్ళు వాడే కాగితపు టేపు వాడాను. అది కూడా ముందు సోఫా వెనక మూల అంటించి లాగి చూశాకే. డిస్టెంపరు గోడైతే గట్టి టేపు రంగుని ఊడబెరుక్కుని వస్తుంది.

అంటించాక సుత్తి ముట్టుకోలేదు. రెండు రోజులు కాగితాలు అలాగే ఉంచాను. ఈ పద్ధతికి నేను ముగ్ధురాలైంది ఇక్కడే. గుమ్మంలోంచి చూశాను. వంటింట్లోంచి చూశాను. సోఫాలో కూర్చుని, లేచి చూశాను. మావారు టీవీ దగ్గర నిలబడి ఒక కన్ను మూసుకుని "అమ్మమ్మనీ మేనత్తనీ మారిస్తే?" అన్నారు. మార్చాం. అందుకు ఖర్చు ఒక టేపు ముక్క. ఎవరూ స్టూలెక్కలేదు, ఎవరి చేతులూ పడిపోలేదు, ఏ గోడా పెచ్చు ఊడలేదు. కాగితానికి బరువు లేదు, నొప్పి లేదు, ఎంతసేపైనా నిలబడుతుంది. ఇన్నేళ్ళుగా నేను చేసిన ఉద్యోగం ఒక బ్రౌన్ కాగితం చేయగలిగిందేనని తెలిసినప్పుడు ఎంత హాయిగా ఉందో అంత ఒళ్ళూ మండింది.

మూడోరోజు, కాగితాల మీదే, గుండుసూది చిల్లుల్లోనే పని. ముందు సన్నమేకుతో చిన్న గుంట చేస్తే డ్రిల్లు జారదు. 6 మిల్లీమీటర్ల బిట్టుతో చిల్లు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి, స్క్రూ కొంచెం బయటికి ఉండేలా బిగించాం. సిమెంటు పూత మీద ఉత్త మేకు కొడితే వంగడమో, పెచ్చు లేవడమో జరుగుతుందని మొదటి ఆదివారమే చూశాం కదా. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. స్విచ్చిబోర్డుకి సరిగ్గా పైనా, సరిగ్గా కిందా, దానికి అడ్డంగా రెండు పక్కలా డ్రిల్లు పెట్టకూడదు. గోడలోపల కరెంటు గొట్టాలు సాధారణంగా ఆ దారుల్లోనే పోతాయి. కింద ఒక కాగితం మడిచి అంటిస్తే రాలిన పొడి అందులోనే పడుతుంది. స్క్రూలు ఆరూ బిగించాక బ్రౌన్ కాగితాలు చింపేశాం.

గోడమీద ఆరు స్క్రూలు. ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకి. "ఇదేం వరసోయ్, తాగినవాడు కొట్టినట్టుంది!" అన్నారు మావారు. పటాలు తగిలించండి అన్నాను. తగిలించారు. పై అంచులు మూడూ రసమట్టం పెట్టినట్టే నిలిచాయి. పెట్టి కూడా చూశాం, బుడగ మధ్యలోంచి కదల్లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మనిషి నిజాయితీపరుడు. చివరికి "నా దారం పనికిరాదన్నమాట" అన్నారు.

ప్రతి పటానికీ కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు బిళ్ళలు అంటించాను. అవి గోడని పట్టుకుంటాయి కనక తలుపు ధడాలున వేసినా పటం వంకరపోదు. వెనక కాస్త గాలి ఆడుతుంది కనక వానాకాలం చెమ్మకి ఫొటో అద్దానికి అతుక్కుపోయే భయం తగ్గుతుంది. బల్లులు మాత్రం ఆ సందుని తమకోసమే వదిలామనుకుంటాయి, దానికి నా దగ్గర మందు లేదు.

రసమట్టానికీ ఒక హద్దుందని చెప్పకపోతే ఈ తగువు న్యాయంగా ఉండదు. మా చెల్లెలి ఇల్లు పాతది, హాల్లో దూలం ఒక పక్కకి దిగింది. ఆ దూలానికి జానెడు కింద పటాలు మట్టానికి పెడితే, పటాలే ఒరిగినట్టు కనిపించాయి. అక్కడ మట్టం నిజం చెప్పినా కన్ను ఒప్పుకోదు. అలాంటిచోట పటాల్ని దూలానికి దూరంగా కిందికి దించాలి, లేదా దూలంతో కొంచెం రాజీ పడాలి. కన్నుకి విలువ లేదని నేననడం లేదు. కన్ను చివర మాట్లాడాలి. మొదట మాట్లాడితేనే నాలాంటి దాని భుజాలు పడిపోతాయి.

"ఆరు పటాలకి మూడు రోజులా? ఇంత చాదస్తమా?" అంటారు. నిజంగా చేతులతో చేసిన పని లెక్కేస్తే మూడు గంటలు. మొదటి ఆదివారం మూడు పటాలకి, ఒక పెచ్చుకి, ఒక తగాదాకి నాలుగు గంటలు పట్టింది. చాదస్తం ఏదో మీరే చెప్పండి.

చివరగా మా అత్తయ్యగారి సంగతి. ఆవిడ 4 అడుగుల 10 అంగుళాల మనిషి, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనయింది. గుమ్మం పైనుంచి దింపేశానని వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి వస్తూ చూద్దును కదా, మామగారి పటం ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని తేరిపార చూస్తున్నారు. నన్ను చూసి, "ఇక్కడ చెవి కింద పుట్టుమచ్చ ఉండేదే ఆయనకి. మర్చేపోయాను. ఇన్నేళ్ళూ పటంలో కనపడనే లేదు" అన్నారు. తరవాత పక్కకి జరిగి మా నాన్ననీ, ఆ పక్కన మా అమ్మనీ అంతే తీరిగ్గా చూశారు. "మీ అమ్మ నవ్వుతోందే!" అన్నారు.

పాసుపుస్తకం ఫొటోలో అమ్మ నవ్వుతోందని నేనూ అప్పుడే చూశాను.

కనక అక్కయ్యలూ, చెల్లాయిలూ, వచ్చే ఆదివారం మీవారు సుత్తి పట్టుకుని "రా, కాస్త ఇది పట్టుకో" అంటే, ఆయన చేతిలో ఒక కత్తెర, నాలుగు బ్రౌన్ కాగితాలు పెట్టండి. మీరు మాత్రం ఆ చేతులు దించండి.